నలభై ఒకటో సభ్యుడి దగ్గర ఆగిపోయిన షీటు

పాల కేంద్రం సెక్రటరీ ఉదయం పూట లెక్క ఎక్కిస్తున్నాడు. చిల్లింగ్ సెంటర్ ఆఫీసు నుంచి వచ్చిన ఎక్సెల్ ఫైలు అది. సభ్యుడి నంబరు, పోసిన లీటర్లు, ఫ్యాట్ కొడితే చాలు. పేరు, రేటు, ఇవ్వాల్సిన డబ్బు అవే వస్తాయి. నలభై మంది వరకూ ఏ ఇబ్బందీ లేదు. నలభై ఒకటో సభ్యుడి నంబరు కొట్టబోతే మాత్రం తెర మీద ఇంగ్లీషులో ఒక పెట్టె తెరుచుకుంటుంది:

```
The cell or chart you're trying to change is on a protected sheet.
To make a change, unprotect the sheet.
```

మీరు మార్చాలనుకుంటున్న సెల్ రక్షణ ఉన్న షీటులో ఉంది, మార్చాలంటే ముందు ఆ రక్షణ తీయండి అని దాని సారాంశం. సెక్రటరీ ఆఫీసుకు ఫోన్ చేస్తాడు. "సార్, షీటు పని చెయ్యట్లేదండి" అంటాడు. "ఇక్కడ బాగానే పని చేస్తోందే" అంటాడు అవతల అకౌంటెంట్. ఇద్దరి మాటా నిజమే.

ఈ ఉదాహరణ నేను వివరించడానికి కల్పించుకున్నదే. కానీ ఒకరు తయారు చేసిన నమూనా ఫైలును పదిమంది నింపే ప్రతిచోటా ఇలాంటిది జరుగుతూనే ఉంటుంది. బడి హాజరు పట్టీలోనూ, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఖాతాలోనూ, మహిళా సంఘం పొదుపు లెక్కలోనూ కథ ఇదే. పాల లెక్కనే చివరిదాకా పట్టుకుని వెళదాం.

ఎక్సెల్ మనల్ని రాయనివ్వకపోవడానికి తాళం ఒక్కటే కారణం కాదు. అందుకే ఏం మొరాయిస్తోందో ముందు తేల్చుకోవాలి. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన ఫైలును తెరిస్తే పైన పసుపు పట్టీ, అందులో `Enable Editing` అనే బటన్ కనిపించవచ్చు. బయటి నుంచి వచ్చిన ఫైలు కాబట్టి ఎక్సెల్ తీసుకునే జాగ్రత్త అది. అప్పుడు ఏ సెల్‌లోనూ రాయలేం. ఫైలు ఎవరు పంపారో తెలిసి, నమ్మకం ఉంటే ఆ బటన్ నొక్కితే సరిపోతుంది. ఫైలు పేరు పక్కన `Read-Only` అని ఉంటే రాయగలం గానీ అదే పేరుతో సేవ్ చేయలేం. ఇంకోటి, కొట్టిన అంకెను ఎక్సెల్ తీసుకున్నట్టే తీసుకుని, ఎంటర్ నొక్కాక ఈ విలువ నిబంధనలకు సరిపోవడం లేదని చెప్పడం. ఫ్యాట్ 3 నుంచి 12 లోపే ఉండాలని తయారు చేసినవాళ్లు హద్దు పెట్టినప్పుడు, 6.5కు బదులు 65 కొడితే ఇలా అవుతుంది. అక్కడ తప్పు అంకెది. సెల్‌కు తాళం లేదు.

తాళం అయితే వేరుగా ప్రవర్తిస్తుంది. మొదటి అంకె కొట్టగానే, ఎంటర్ దాకా వెళ్లకముందే, పైన చెప్పిన పెట్టె వస్తుంది. `Review` పట్టీలోకి వెళ్లి చూస్తే, మామూలుగా `Protect Sheet` అని ఉండాల్సిన చోట `Unprotect Sheet` అని ఉంటుంది. ఈ రెండు గుర్తులూ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ఒక్కోసారి ఏ పెట్టే రాదు, కొన్ని సెల్స్ మీద ఎంత క్లిక్ చేసినా కర్సర్ అక్కడికి పోనే పోదు. అదీ తాళమే. తాళం ఉన్న సెల్స్‌ను ఎంచుకునే వీలు కూడా యజమాని తీసేశాడన్నమాట.

సెక్రటరీ ఫోన్‌లో "పని చెయ్యట్లేదు" అనడానికి బదులు "బిల్లు షీటులో A46 దగ్గర ఆగింది, పై వరసలన్నీ తీసుకుంటోంది" అని ఉంటే సగం పని అయిపోయినట్టే. సెల్ మీద క్లిక్ చేస్తే ఆ చిరునామా ఎడమవైపు పైన చిన్న పెట్టెలో కనిపిస్తుంది. అది చెప్పి, తెర ఫొటో ఒకటి పంపితే అకౌంటెంట్ వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎక్సెల్ తాళం రెండు అంచెల్లో ఉంటుంది, ఇది తెలియకపోవడం వల్లే ఇన్ని చిక్కులు. కొత్తగా తెరిచిన ఖాళీ షీటులో ప్రతి సెల్‌కూ `Locked` అనే గుణం ముందే అంటి ఉంటుంది. అయినా మనం ఎక్కడంటే అక్కడ రాసుకోగలుగుతున్నాం, ఎందుకంటే ఆ గుణం ఒక్కటే ఉంటే ఏమీ చేయదు. కొత్త ఇంట్లో ప్రతి తలుపుకూ తాళం బిగించి ఉన్నా తిప్పేదాకా ఎవర్నీ ఆపదు కదా, అలాంటిదే. `Protect Sheet` నొక్కిన క్షణాన `Locked` గుణం ఉన్న సెల్స్ అన్నీ ఒక్కసారిగా మూసుకుంటాయి. అంటే షీటుకు రక్షణ పెట్టబోయే మనిషి ఏ సెల్స్ మూయాలో చెప్పనక్కర్లేదు. ఏవి తెరిచి ఉంచాలో చెప్పాలి. చెప్పడం మరిచిన ప్రతి సెల్ మూసుకుపోతుంది.

మన అకౌంటెంట్ మొదట చేసింది సరిగ్గానే చేశాడు. ఆయన బిల్లు షీటులో 6వ వరస నుంచి ఒక్కో వరస ఒక్కో సభ్యుడిది. A లో సభ్యుడి నంబరు, C లో లీటర్లు, D లో ఫ్యాట్. ఇవి కేంద్రం నింపేవి. B లో పేరు సభ్యుల జాబితా నుంచి, E లో రేటు రేట్ల పట్టిక నుంచి సూత్రాల ద్వారా వస్తాయి. F లో డబ్బు. 6వ వరసలో ఈ మూడు సూత్రాలూ ఇలా ఉన్నాయనుకుందాం:

```
B6: =IF(A6="","",VLOOKUP(A6,Members!$A$2:$B$200,2,FALSE))
E6: =IF(D6="","",VLOOKUP(D6,Rates!$A$2:$B$60,2,TRUE))
F6: =IF(C6="","",ROUND(C6*E6,2))
```

పైన F3 లో ఆ పూట మొత్తం. ఏ కేంద్రంలోనూ నలభై మందికి మించి లేరని 45వ వరస దాకా చేసి, A, C, D లలో ఆ నలభై వరసలకూ `Locked` తీసేసి, షీటుకు రక్షణ పెట్టాడు. కొన్నాళ్లకు ఒక కేంద్రంలో పాలు పోసేవాళ్లు పెరిగారు. ఆయన రక్షణ తీసి, B, E, F సూత్రాలను 60వ వరస దాకా కిందికి లాగాడు, గీతలు గీశాడు, మళ్లీ రక్షణ పెట్టి పంపాడు. సూత్రాల మీదే ధ్యాస ఉండడంతో A, C, D లను ముట్టుకోలేదు. ఆ పదిహేను వరసల్లో అవి పుట్టుకతో వచ్చిన `Locked` గుణంతోనే ఉండిపోయాయి. చూపుకు 45వ వరసకూ 46వ వరసకూ తేడా లేదు. ఆయన తన కంప్యూటర్‌లో రక్షణ తీసి ఉంచిన ప్రతిలోనే చూసుకున్నాడు కాబట్టి ఆయనకు అన్నీ పని చేశాయి.

సూత్రాలను విడివిడిగా లాగకుండా, 45వ వరసలో A నుంచి F దాకా ఖాళీ వరస మొత్తాన్ని పట్టుకుని కిందికి లాగి ఉంటే ఈ సమస్య వచ్చేదే కాదు. సెల్‌ను కిందికి లాగినప్పుడు రంగు, గీతలతో పాటు తాళం ఉందా లేదా అన్న గుణం కూడా వెంట వెళుతుంది.

ఇక్కడ చాలా ఆఫీసుల్లో జరిగేదేమిటంటే, తొందరలో "పాస్‌వర్డ్ ఇదిగో, తీసేసి కొట్టుకోండి" అని గ్రూపులో పెట్టేస్తారు. ఆ పూట గండం గడుస్తుంది. కానీ తాళం అక్కడ ఎందుకుందో ఒకసారి చూడండి. రక్షణ లేని షీటులో సెక్రటరీ ఒక రైతు వరసలో 6.5 లీటర్లు కొట్టాడు. రేటు 50 అనుకుంటే F లో 325 వచ్చింది. ఆ తొందరలో F సెల్‌లోనే ఒకసారి 325 అని చేత్తో కొట్టేశాడు. కాసేపటికి చీటీ చూసుకుంటే అది 6.5 కాదు, 5.6. లీటర్లు సరిదిద్దాడు. సూత్రం ఉండి ఉంటే F 280కి మారేది. ఇప్పుడు అక్కడ సూత్రం లేదు, 325 అలాగే కూర్చుంది. నలభై అయిదు రూపాయలు ఎక్కువ లెక్క. ఆ అంకె పక్కవాటిలాగే కనిపిస్తుంది గనుక కంటికి ఆనదు. ఇదే రైతుకు తక్కువ పడేలా కూడా జరగొచ్చు, అది ఇంకా బాధాకరం. సూత్రాలున్న సెల్స్‌కు తాళం ఉండి తీరాలి, నింపే సెల్స్‌కు ఉండకూడదు. ఈ రెండింటి మధ్య గీతను సరైన చోటికి జరపడం యజమాని పని. కేంద్రాలకు పాస్‌వర్డ్ పంచడంతో ఆ పని అయినట్టు కాదు.

సరే, యజమాని సరిదిద్దడానికి కూర్చున్నాడు. మొట్టమొదట చూసుకోవాల్సింది తాను తెరిచింది అసలు ఫైలేనా అని. నమూనా ఫైలును ఎక్సెల్ టెంప్లేట్‌గా సేవ్ చేసి ఉంటే దాని పేరు చివర `.xltx` అని ఉంటుంది. అలాంటి ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అది తెరుచుకోదు. దాని పోలికతో ఇంకో కొత్త ఫైలు పుడుతుంది. `Bill.xltx` మీద క్లిక్ చేస్తే పైన `Bill1` అని కనిపిస్తుంది. అందులో ఎంత శ్రద్ధగా మార్పులు చేసి సేవ్ చేసినా అసలు టెంప్లేట్ పాతదిగానే ఉంటుంది. మర్నాడు అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. టెంప్లేట్‌ను తెరవాలంటే ఎక్సెల్‌లోంచి `File`, `Open` ద్వారా వెళ్లాలి, లేదా ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి `Open` ఎంచుకోవాలి. పైన పేరులో చివరి అంకె లేకుండా ఉందో లేదో చూసుకుని ముందుకెళ్లాలి.

ఆ తర్వాత `Review` లో `Unprotect Sheet` నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వాలి. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది, కాబట్టి తప్పు పాస్‌వర్డ్ అంటే ముందు `Caps Lock` చూసుకోండి. ఇప్పుడు A46 నుంచి A60 వరకు ఎంచుకుని, `Ctrl` మీట పట్టుకుని C46 నుంచి D60 వరకు కూడా ఎంచుకోవాలి. `Ctrl+1` నొక్కితే వచ్చే పెట్టెలో చివర `Protection` అనే భాగం ఉంటుంది. అందులో `Locked` ముందున్న టిక్ తీసి `OK` నొక్కాలి. ఎంచుకున్న సెల్స్‌లో కొన్నింటికి తాళం ఉండి కొన్నింటికి లేకపోతే ఆ చోట టిక్ గానీ ఖాళీ గానీ కాకుండా మధ్యస్థంగా ఒక గుర్తు కనిపిస్తుంది. పూర్తి ఖాళీ అయ్యేదాకా దాని మీద క్లిక్ చేయాలి. కేంద్రం పేరు, తేదీ, పూట రాసే సెల్స్ కూడా ఇదే దెబ్బకు చూసుకోవడం మంచిది, అవి వరసల్లో లేవు కాబట్టి తరచూ మరుపుకొస్తాయి.

తాళం ఉందా లేదా అన్నది కంటికి కనిపించదు, నిజానికి ఇక్కడి చిక్కంతా అదే. దాన్ని కనిపించేలా చేసే చిన్న ఉపాయం ఉంది. A6 నుంచి F60 దాకా ఎంచుకుని, `Home` లో `Conditional Formatting`, అందులో `New Rule`, చివరిగా సూత్రంతో నియమం పెట్టే వరస ఎంచుకుని ఇది రాయండి:

```
=CELL("protect",A6)=0
```

దానికి లేత పసుపు రంగు ఇవ్వండి. తాళం ఉన్న సెల్‌కు ఈ సూత్రంలోని `CELL` 1 అని, లేనిదానికి 0 అని జవాబిస్తుంది. కాబట్టి నింపడానికి తెరిచి ఉన్న సెల్స్ మాత్రమే పసుపు రంగులోకి వస్తాయి. 46వ వరస దగ్గర పసుపు ఆగిపోయి ఉంటే అకౌంటెంట్‌కు ఫోన్ రాకముందే తెలిసిపోయేది. `Locked` మార్చాక రంగు వెంటనే మారకపోతే `F9` నొక్కాలి. చాలామంది నింపాల్సిన సెల్స్‌కు చేత్తో రంగు వేస్తారు. నేనైతే దాన్ని నమ్మను. చేత్తో వేసిన రంగు తాళం ఎక్కడుండాలని మనం అనుకున్నామో చెబుతుంది, ఈ నియమం తాళం ఎక్కడుందో చెబుతుంది. పైగా "పసుపు ఉన్నచోటే నింపండి" అని కేంద్రాలకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు.

ఇక మళ్లీ `Protect Sheet`. ఈ పెట్టెలో పాస్‌వర్డ్ గడి కింద ఒక పొడవాటి జాబితా ఉంటుంది. రక్షణ ఉన్నా కూడా నింపేవాళ్లు ఏమేం చేయొచ్చో అక్కడ టిక్‌లు పెట్టి చెప్పాలి. పాస్‌వర్డ్ కొట్టి, ఈ జాబితాను చూడకుండానే `OK` నొక్కేవాళ్లే ఎక్కువ. మామూలుగా మొదటి రెండింటికే టిక్ ఉంటుంది. ఒకటి తాళం ఉన్న సెల్స్‌ను ఎంచుకోవడం, రెండోది తాళం లేనివాటిని ఎంచుకోవడం. మొదటి టిక్ తీసేస్తే నింపే సెల్స్‌లోకి తప్ప వేరేచోటికి కర్సర్ పోదు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. అయినా దాన్ని ఉంచమనే నా సలహా. తీసేస్తే పొరపాటున తాళం పడిన సెల్ మీద క్లిక్ చేసినా ఏ కబురూ రాదు, దాని చిరునామా కూడా తెలియదు. డబ్బు ఏ సూత్రంతో వచ్చిందో చూడాలనుకునే సెక్రటరీకి ఆ వీలూ పోతుంది. టిక్ ఉన్నా లేకపోయినా, రక్షణ ఉన్న షీటులో `Tab` మీట నొక్కుతూ పోతే కర్సర్ తాళం లేని సెల్స్ మీదుగానే గెంతుతుంది, కాబట్టి కొట్టే వేగం తగ్గదు.

`Format columns` కూడా టిక్ పెట్టడం మంచిదే. పెద్ద మొత్తం వచ్చినప్పుడు నిలువు వరస వెడల్పు చాలక అంకె బదులు `#####` అని కనిపిస్తుంది. ఈ వీలు లేకపోతే నింపేవాళ్లు వరసను వెడల్పు చేసుకోలేక, ఫైలు పాడైందనుకుంటారు.

కొత్త వరసలు చేర్చుకోనిచ్చే `Insert rows` విషయంలో మాత్రం తొందర వద్దు. మధ్యలో వరస చేరుతుంది గానీ సూత్రాలు దానంతట అవి వచ్చి కూర్చోవు, వాటి సెల్స్‌కు తాళం ఉంటుంది కాబట్టి సెక్రటరీ రాయనూ లేడు. పోనీ వద్దనుకుని తీసేద్దామన్నా, రక్షణ ఉన్న షీటులో ఒక వరసను తొలగించాలంటే ఆ వరసలోని అన్ని సెల్స్‌కూ తాళం లేకుండా ఉండాలి. `Sort` దీ ఇదే దారి. టిక్ పెట్టినా, వరస మార్చాల్సిన భాగంలో తాళం ఉన్న సెల్ ఒక్కటి ఉన్నా పని జరగదు. పాల లెక్కలాంటి వాటికి ముందే వందదాకా వరసలు సిద్ధంగా ఉంచడం ఈ తంటాలన్నిటికంటే తేలిక. అలాగే, రక్షణ ఒక్కో షీటుకు విడిగా ఉంటుంది. బిల్లు షీటు సరిచేసినంత మాత్రాన సభ్యుల జాబితా షీటు తెరుచుకోదు. కొత్త సభ్యుడి పేరు అక్కడ ఎవరు చేర్చాలన్నది ముందే తేల్చుకుని, కేంద్రమే చేర్చుకునేట్టయితే ఆ ఖాళీ వరసలకూ తాళం తీయాలి. లేకపోతే నంబరు కొట్టగానే పేరు చోట `#N/A` వస్తుంది.

రేట్ల పట్టిక కథ వేరు. దాన్ని కేంద్రం ముట్టుకోకూడదు, కానీ సూపర్‌వైజరు మార్చాల్సి ఉంటుందనుకోండి. ఆయనకు షీటు పాస్‌వర్డ్ ఇవ్వనక్కర్లేదు. షీటుకు రక్షణ పెట్టకముందు `Review` లోని `Allow Edit Ranges` లోకి వెళ్లి, రేట్లున్న సెల్స్‌కు మాత్రమే ఒక విడి పాస్‌వర్డ్ పెట్టి, ఆ తర్వాత షీటును మూయొచ్చు. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఆ సెల్స్ వరకే మార్చగలుగుతారు.

అన్నీ సరిగ్గా చేసినా ఒక తలనొప్పి మిగులుతుంది, దాన్ని ముందే తెలుసుకోవడం మంచిది. సెక్రటరీ తన సొంత ఎక్సెల్ ఫైలులో లీటర్లు రాసుకుని, అక్కడి నుంచి కాపీ చేసి బిల్లు షీటులో పేస్ట్ చేస్తాడు. అంకెలు చక్కగా పడతాయి. అయిదు నిమిషాల తర్వాత అందులో ఒక అంకె మార్చబోతే సెల్‌కు తాళం ఉందంటుంది! ఇందాక తీసుకున్న సెల్ ఇప్పుడెందుకు తీసుకోవడం లేదు? ఆయన సొంత ఫైలులో సెల్స్ అన్నిటికీ పుట్టుకతో వచ్చిన `Locked` గుణం ఉంది. మామూలు పేస్ట్ అంకెతో పాటు ఆ గుణాన్నీ తెచ్చి అంటించింది. షీటుకు రక్షణ ఉంది కాబట్టి సెల్ వెంటనే మూసుకుంది. యజమాని పెట్టిన ఫ్యాట్ హద్దు కూడా ఆ పేస్ట్‌తో చెరిగిపోతుంది. దీన్ని ఆపే టిక్ ఏదీ రక్షణ జాబితాలో లేదు. పేస్ట్ చేసేటప్పుడు విలువలను మాత్రమే పేస్ట్ చేయడమే మందు. `Ctrl+Alt+V` నొక్కి, తర్వాత `V`, ఆపై ఎంటర్. కొత్త ఎక్సెల్‌లో `Ctrl+Shift+V` ఒక్కటే సరిపోతుంది. షీటు పైభాగంలో ఈ మాట తెలుగులో రాసి పెట్టండి. ముందు తీసుకుని తర్వాత తీసుకోవడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే, పేస్ట్ చేశారా అన్నదే యజమాని అడగాల్సిన తొలి ప్రశ్న. పేస్ట్ చేసిన వెంటనే గమనిస్తే `Ctrl+Z` కొడితే సెల్ పాత స్థితికి వస్తుంది.

పంపేముందు యజమాని తానే సెక్రటరీ అయి ఒకసారి నింపి చూడాలి. టెంప్లేట్‌ను సేవ్ చేసి, మూసి, ఈసారి మామూలుగా రెండుసార్లు క్లిక్ చేసి కొత్త ప్రతి తెరవాలి. పాస్‌వర్డ్ ముట్టుకోకూడదు. కేంద్రం పేరు, తేదీ రాయాలి. 6వ వరస నింపాలి. ఆ తర్వాత నేరుగా 60వ వరసకు వెళ్లి నింపాలి, ఎందుకంటే తాళాలు మరిచేది ఎప్పుడూ చివరి వరసల్లోనే. 60వ వరసలో డబ్బు వచ్చాక F3 లో మొత్తం పెరిగిందా చూడాలి. వరసలు పెంచినప్పుడు తాళం ఒక్కటే కాదు, పైన కూడిక కూడా పాత హద్దు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది:

```
=SUM(F6:F45)
```

ఇది ఇలాగే ఉంటే చివరి పదిహేను మంది పాలు మొత్తంలోకి రావు, ఎవరికీ ఏ హెచ్చరికా రాదు. దాన్ని F60 దాకా మార్చాలి. చివరగా F సెల్‌లో ఏదో ఒక అంకె కొట్టబోయి, షీటు ఒప్పుకోకపోవడం చూడాలి. ఒప్పుకుంటే రక్షణ పెట్టడమే మరిచారన్నమాట.

సరిచేసిన టెంప్లేట్‌తో పాత ఫైళ్లు బాగుపడవు. ఇప్పటికే కేంద్రాల్లో ఉన్న ప్రతులకూ అసలు ఫైలుకూ ఏ బంధమూ లేదు. సగం నింపిన ఫైలు ఉన్నవాళ్లు కొత్త ప్రతి తెరిచి, పాతదాంట్లోంచి A వరసను, తర్వాత C, D వరసలను మాత్రం కాపీ చేసి, పైన చెప్పినట్టు విలువలుగా పేస్ట్ చేసుకోవాలి. సూత్రాల వరసలను ముట్టుకోనక్కర్లేదు. ఏ ఫైలు కొత్తదో తెలియడానికి షీటు పై మూలలో తాళం ఉన్న సెల్‌లో "మూడో కూర్పు" లాంటి గుర్తు, దాని తేదీ పెట్టుకుంటే, ఫోన్‌లో అడగాల్సింది ఒక్క మాటే అవుతుంది.

పాస్‌వర్డ్ గురించి ఒక మాట చెప్పాలి. షీటు రక్షణ అన్నది పొరపాటున చెయ్యి తగలకుండా ఆపడానికే గానీ రహస్యాలు దాచడానికి కాదని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెబుతోంది. షీటులో ఉన్నదాన్ని ఫైలు తెరిచిన వాళ్లందరూ చదవగలరు, పట్టుదల ఉన్నవాళ్లు ఈ తాళాన్ని తీయనూగలరు. రైతుల బ్యాంకు ఖాతా నంబర్ల లాంటివి ఉంటే వాటిని ఈ ఫైలులో పెట్టనే పెట్టకూడదు. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ అడిగే `Encrypt with Password` వేరే సంగతి, అది `File`, `Info` లో ఉంటుంది. ఇంకో పక్క, మరిచిపోయిన పాస్‌వర్డ్‌ను మైక్రోసాఫ్ట్ తిరిగి ఇవ్వదు. టెంప్లేట్ చేసిన మనిషి బదిలీ అయి వెళ్లిపోతే ఆ తర్వాత వచ్చినవాళ్లు ఒక్క వరస కూడా పెంచలేక అవస్థ పడతారు. ఆఫీసులో ఇంకొకరి దగ్గరైనా అది రాసి ఉండాలి.

ఇదే లెక్కను గూగుల్ షీట్స్‌లో పెట్టుకున్న వాళ్లకు దారి కాస్త వేరు. అక్కడ పాస్‌వర్డ్ ఉండదు, ఎవరు మార్చవచ్చో వాళ్ల ఖాతాను బట్టి నిర్ణయిస్తారు. `Data` లో `Protect sheets and ranges` తెరిచి, షీటు మొత్తానికి రక్షణ పెట్టి, `Except certain cells` అన్నచోట తెరిచి ఉంచాల్సిన సెల్స్ చేర్చాలి. A6:A45 అని ఉన్నదాన్ని A6:A60 గా, C6:D45 ను C6:D60 గా మార్చితే మన పాల కేంద్రం సమస్య తీరుతుంది. అయితే గూగుల్ షీట్స్ తన యజమానిని ఎప్పుడూ ఆపదు. రక్షణ ఎంత తప్పుగా పెట్టినా ఆయన ఖాతాలో ప్రతి సెల్ తెరుచుకునే ఉంటుంది. అందుకని సరిచేశాక ఆయన తన తెర మీద చూసుకుని లాభం లేదు. కేంద్రం సెక్రటరీకి ఉన్నట్టే మార్పులు చేసే అనుమతి మాత్రమే ఉన్న ఇంకో ఖాతాలోంచి తెరిచి, 60వ వరసలో అంకె కొట్టి చూడాలి.